పాత ఓనరు ఫోను మీ కారులో మోగుతోందా? పాత జతలు తీసేసి, 0000 మార్చే పద్ధతి

మొన్న ఎండాకాలంలో ఒక సారు మా షాపుకొచ్చాడు. నల్లగొండలోనే సర్కారు బడిలో చెప్తాడు. వాళ్ల బజారులోనే నాలుగిండ్ల అవతలాయన దగ్గర చిన్న కారు సెకండ్‌హ్యాండ్‌ల కొన్నాడు. కారు మంచిదే, సమస్య వేరే. "తమ్మీ, పొద్దుగాల కారు దీసి ఆయన ఇంటి ముందటికెల్లి పోతుంటే, స్పీకర్ల ఎవరో ఆడామె 'ఏడున్నవ్? పాలప్యాకెట్లు తెచ్చినవా?' అని గట్టిగ అడిగింది. మా ఇంటామె పక్కనే ఉండె. ఏం చెప్పాలె నేను?"

నవ్వొచ్చింది కానీ అందులో వింత ఏమీ లేదు. అమ్మినాయన ఫోను ఆ కారు మ్యూజిక్ సెట్టు బ్లూటూత్ జ్ఞాపకంలో అట్లనే ఉంది. కారు ఆయన గుమ్మం ముందుకు రాగానే ఫోను దానంతట అదే కలిసింది. అదే నిమిషంలో ఆయన భార్య ఫోను చేసింది. సెట్టులో ఆటో ఆన్సర్ ఆన్ చేసి ఉండటంతో ఎవరూ ఎత్తకుండానే కాల్ కారు స్పీకర్లలోకి వచ్చింది. అంటే ఆ కాసేపు కారులోని మాటలు కూడా ఆమెకు వినిపించే ఉంటాయి. ఆ సంగతి సారుకు చెప్తే నవ్వడం మానేశాడు.

పదేళ్లుగా కార్లకు సెట్లు బిగిస్తున్నవాడిగా ఒకటి ఒప్పుకోవాలి. తప్పులో మా వంతు కూడా ఉంది. కొత్త సెట్టు పెట్టాక పాట వచ్చిందా, రివర్స్ కెమెరా పడిందా చూసి బండి తాళం ఇచ్చేస్తాం. బ్లూటూత్ పిన్ 0000 అట్లనే వదిలేస్తాం. మారిస్తే మర్నాడు "ఫోను కలుస్తలేదు" అని మాకే ఫోను వస్తుంది కాబట్టి.

ముందు ఏది ఎక్కడ దాగి ఉంటుందో తెలియాలి

చాలామంది వచ్చీ రాగానే "పిన్ మార్చు అన్నా" అంటారు. ఒట్టి పిన్ మారిస్తే పాత ఫోను పోదు. ఎందుకంటే పిన్‌కు పని మొదటి పరిచయం రోజే. రెండు పరికరాలు మొదటిసారి జత కలిసేటప్పుడు వాటి మధ్య 128 బిట్ల రహస్య తాళం ఒకటి తయారవుతుంది. దాన్ని ఫోను ఒక ప్రతి, సెట్టు ఒక ప్రతి దాచుకుంటాయి. రెండోరోజు నుంచి ఆ తాళంతోనే పని, పిన్ ఎవరూ అడగరు. పెళ్లిచూపుల నాడు గోత్రం అడుగుతారు, పెళ్లయ్యాక ఇంటికొచ్చే అల్లుణ్ణి ఎవరడుగుతారు? అట్లాంటిదే.

కాబట్టి ముందు సెట్టులో జత చేసిన ఫోన్ల జాబితా ఖాళీ చేయాలి, తర్వాతే పిన్ మార్చాలి. జాబితా తీసేసి పిన్ 0000 గానే ఉంచితే పాతాయన ఇంకోసారి కలుపుకోగలడు. పిన్ మార్చి జాబితా ఉంచితే ఆయన ఎప్పటిలాగే లోపలికొస్తాడు. ఇవి రెండూ కాక మూడోది ఇంకొకటి ఉంది. ఆయన ఫోను నుంచి సెట్టు కాపీ చేసుకున్న పేర్లు, నంబర్లు, కాల్ చిట్టా. చాలామందికి ఇదే గుర్తుకురాదు.

జాబితా ఖాళీ చేయడం

కారును పాత ఓనరు ఇంటికి దూరంగా నిలపండి. బ్లూటూత్ మామూలుగా 10 మీటర్ల దాకా అందుతుంది, కాబట్టి ఇంకో బజారుకు పోయినా చాలు. హ్యాండ్‌బ్రేక్ వేయండి. చాలా సెట్లు బండి కదులుతుంటే ఈ మెనూ తెరవనివ్వవు. ఇంజిన్ అక్కర్లేదు, బండి తాళం ఒక మెట్టు తిప్పితే చాలు. కారులో ఉన్న అందరి ఫోన్లలో బ్లూటూత్ ఆపేయండి. కలిసి ఉన్న ఫోనును కొన్ని సెట్లు తీసేయనివ్వవు, ఆ బటన్ బూడిదరంగులో పడి ఉంటుంది. అది చూసి సెట్టే చెడిపోయిందనుకుంటారు.

బయట బిగించిన ఆండ్రాయిడ్ సెట్టయితే హోం తెరమీద బ్లూటూత్ బొమ్మ నొక్కండి. జత చేసిన ఫోన్ల జాబితా వస్తుంది. పేరు మీద వేలు కాసేపు అదిమి పట్టినా, పక్కన చెత్తబుట్ట బొమ్మ నొక్కినా తీసేసే మాట అడుగుతుంది. కంపెనీతో వచ్చిన సెట్టులో `Settings` లేదా `Setup` లోపల `Bluetooth` గానీ `Phone` గానీ ఉంటుంది. అందులో `Paired Devices` జాబితా, దాని కింద `Delete`. కొన్నింటిలో అన్నీ ఒకేసారి తీసే `Delete All` కూడా ఉంటుంది. సెకండ్‌హ్యాండ్ బండికి అదే వాడండి. ఎవరిదో తెలియని పేరు చూసి, ఉంచాలా తీయాలా అని ఆలోచించే పని ఉండదు. `Disconnect` నొక్కి అయిపోయిందనుకోవద్దు. అది ఆ పూటకు తెంపడమే, రహస్య తాళం సెట్టు లోపలే ఉంటుంది.

సారు కారులో ఆరు పేర్లున్నాయి. అమ్మినాయనది, ఆయన కొడుకుది, ఇద్దరు డ్రైవర్లవి, ఒక బ్లూటూత్ స్కానర్‌ది, ఇంకొకటి ఎవరిదో. చాలా సెట్లకు ఐదో పదో పేర్లే పడతాయి. నిండితే కొన్ని సెట్లు కొత్త ఫోనును తీసుకోవు, కొన్ని అన్నిటికంటే పాతదాన్ని చెప్పకుండా తోసేస్తాయి. "నా ఫోను వారానికోసారి మళ్లీ కలపాల్సొస్తుంది" అని వచ్చేవాళ్లలో కొందరి బాధ ఇదే.

తీసేశాక బండి తాళం పూర్తిగా ఆపి, డ్రైవర్ తలుపు తెరిచి మూసి, రెండు నిమిషాలాగి మళ్లీ ఆన్ చేయండి. కొన్ని సెట్లు తలుపు తెరిచేదాకా నిజంగా ఆగవు, అందుకే. జాబితా ఖాళీగానే ఉంటే సరే. తీసిన పేరు తిరిగొచ్చిందంటే మీరు చేసిన మార్పును సెట్టు గుర్తుపెట్టుకోలేదని అర్థం. అప్పుడు కింద చెప్పే ఫ్యాక్టరీ రీసెట్టే దారి.

కొందరు మెకానిక్‌లు "బ్యాటరీ టెర్మినల్ పదినిమిషాలు పీకెయ్, అన్నీ పోతయి" అంటారు. నమ్మకండి. జత తాళాలు చాలా సెట్లలో కరెంటు లేకున్నా నిలిచే మెమరీలో ఉంటాయి. టెర్మినల్ పీకితే పోయేది గడియారం, కొన్నిసార్లు ఎఫ్‌ఎం స్టేషన్లు. పాతాయన ఫోను మాత్రం దర్జాగా ఉంటుంది.

పేర్లు పోయాయా లేదా

ఇప్పుడు ఏ ఫోనూ కలపకుండా సెట్టులో ఫోన్‌బుక్ తెరవండి. మంచి సెట్టయితే ఖాళీగా ఉంటుంది, లేదా ఫోను కలపమంటుంది. సారు సెట్టులో మాత్రం జాబితా తీసేశాక కూడా వందల పేర్లు అట్లనే కనిపించాయి. చవక ఆండ్రాయిడ్ సెట్లు ఫోన్‌బుక్‌ను వేరే ఫైలుగా దాచుకుంటాయి, జత తీసినా దాన్ని ముట్టవు. ఫోన్‌బుక్ పేజీలోనే చెత్తబుట్ట బొమ్మ నొక్కి అన్నీ తీసేయాలి. వచ్చిన కాల్స్, చేసిన కాల్స్, అందని కాల్స్ మూడు పేజీలూ వేరుగా తెరిచి చూడాలి. ఆ పేర్లు సారు చదవబోతుంటే నేనే వద్దన్నాను. ఒకే బజారు వాళ్లు, రేపు మొహాలు చూసుకోవాలి.

ఇక్కడే ఆటో ఆన్సర్ కూడా ఆపేయండి. `Auto answer` అని బ్లూటూత్ సెట్టింగుల్లోనే ఉంటుంది. డ్రైవింగ్‌లో ఎత్తే పని తప్పుతుందని ఆన్ చేస్తారు కానీ, ఇంటిల్లిపాదీ కూర్చున్న కారులో ఎవరి కాల్ ఎప్పుడు మోగుతుందో ఎవరికి తెలుసు?

పిన్ మార్చడం, మార్చింది పనిచేస్తుందో తేల్చుకోవడం

ఆండ్రాయిడ్ సెట్లలో బ్లూటూత్ పేజీలో పంటిచక్రం బొమ్మ నొక్కితే `Device name`, `Device PIN` అని రెండు గడులు కనిపిస్తాయి. పేరు `CAR-BT` లాగా, పిన్ `0000` లేదా `1234` గా ఉంటుంది. పేరు కూడా మార్చండి. మా షాపు ముందు మూడు బండ్లు నిలబడితే మూడింటి పేరూ ఒకటే ఉంటుంది. ఒకరి ఫోను ఇంకొకరి బండిలో కలిసిన రోజులు చాలా చూశాను. మీ పేరు, ఫోను నంబరు పెట్టకండి. మీకు గుర్తుండే ఏదో మాట చాలు.

పిన్‌గా బండి నంబరులోని చివరి నాలుగు అంకెలు పెట్టొద్దు. మా దగ్గరికొచ్చే వాళ్లలో ఎక్కువమంది ముందు అడిగేది అదే. ఆ నాలుగు అంకెలు బంపరు మీద ఊరంతటికీ కనిపిస్తున్నాయి కదా! పుట్టిన సంవత్సరమూ వద్దు. వరసకు రాని నాలుగు అంకెలు పెట్టండి. సారు 7304 పెట్టాడనుకుందాం, అసలుది చెప్పను. దాన్ని డాష్‌బోర్డు మీద స్టిక్కరేసి రాయకుండా ఇంట్లో ఆర్‌సీ జిరాక్స్ వెనుక రాసుకోండి. చాలా కంపెనీ సెట్లలో పిన్ మార్చే గడే ఉండదు. దానికి కారణం ఉంది, ఇప్పుడు అదే చెప్తాను.

బ్లూటూత్ మొదటి రోజుల్లో జత కలపాలంటే పిన్ కొట్టాల్సిందే. 0000, 1234 లాంటి మార్చని పిన్‌ల వల్ల ఏమవుతుందో 2005లోనే యూరప్‌లో ట్రైఫైనైట్ అనే భద్రతా బృందం చేసి చూపించింది. కార్ విస్పరర్ అనే చిన్న ప్రోగ్రాంతో, దారిన పోయే కార్ల హ్యాండ్స్‌ఫ్రీ కిట్‌లో కలిసి లోపలి మాటలు విన్నారు, తమ గొంతు లోపల వినిపించారు. 2007లో వచ్చిన బ్లూటూత్ 2.1 నుంచి పద్ధతి మారింది. రెండు తెరల మీదా ఒకే ఆరంకెల సంఖ్య కనిపిస్తుంది, రెండు చోట్లా ఒప్పుకోవాలి. తెర లేని పరికరమైతే ఏమీ అడగకుండానే కలిసిపోతుంది. ఇప్పటి ఫోను, ఇప్పటి సెట్టు కలిసినప్పుడు మీరు పెట్టిన నాలుగంకెల పిన్‌ను అసలు పట్టించుకోకపోవచ్చు.

అందుకే మార్చాక పరీక్ష చేసి చూడాలి. మీ ఫోనులో కారు పేరు పక్కన పంటిచక్రం నొక్కి `Forget` కొట్టండి. ఐఫోన్‌లో అయితే పేరు పక్కన `i` నొక్కి `Forget This Device`. ఇప్పుడు కొత్తగా కలపండి. ఫోను పిన్ అడిగితే ముందు కావాలనే 0000 కొట్టండి. అది కాదని, తర్వాత 7304 కు కలిస్తే పిన్ నిజంగా కాపలా కాస్తోంది. పిన్ అడగకుండా రెండు తెరల మీదా ఆరంకెలు వచ్చి, సెట్టు మీద కూడా ఒప్పుకోమంటే అదీ మంచిదే. కారులో మనిషి కూర్చుని వేలు పెడితే తప్ప ఎవరూ కలవలేరు. ఏమీ అడగకుండా, సెట్టు మీద వేలు పెట్టకుండానే కలిసిపోయిందా? అయితే మీరు మార్చిన పిన్ ఒట్టి అలంకారం. అలాంటి సెట్టులో కాపాడేది ఒక్కటే, కనిపించకుండా ఉండటం. `Visible` లేదా `Discoverable` అనే స్విచ్ ఉంటే ఆపేయండి. లేకపోతే వాడనప్పుడు సెట్టులో బ్లూటూత్‌నే ఆపడం తప్ప వేరే మార్గం లేదు.

కనిపిస్తుందో లేదో తెలుసుకోవడానికి ఇంట్లో ఇంకో ఫోను తీసుకుని బ్లూటూత్ వెతుకులాట పెట్టండి. మీ కారు కొత్త పేరు జాబితాలో పడితే కనిపిస్తున్నట్టే. దాచినా మీ ఫోనుకు ఇబ్బంది లేదు. రహస్య తాళం ఉన్న ఫోను, కారు పేరు కనిపించకపోయినా కలుస్తుంది.

ఇంకో చిక్కు కూడా వస్తుంది. ఈరోజు పిన్ 7304, రేపు పొద్దున మళ్లీ 0000. అప్పుడు గడియారం, ఎఫ్‌ఎం స్టేషన్లు కూడా చూడండి. అవీ పోయి ఉంటే తప్పు వైరింగ్‌ది. సెట్టుకు పసుపు తీగ ఎప్పుడూ బ్యాటరీ నుంచి కరెంటు రావడానికి, ఎర్ర తీగ తాళంతో వచ్చే కరెంటుకు. తొందరలో రెండూ కలిపి తాళం లైనుకే కట్టేస్తే తాళం తీయగానే సెట్టుకు కరెంటు పూర్తిగా పోతుంది. అప్పుడు కొన్ని సెట్లు పెట్టుకున్నవి మరిచిపోతాయి. బిగించినవాడి దగ్గరికి తీసుకుపోండి, పదినిమిషాల పని. గడియారం సరిగ్గా ఉండి పిన్ ఒక్కటే మారిందంటే అది ఆ సెట్టు సాఫ్ట్‌వేర్ లోపం, మన చేతిలో లేదు.

మీ ఫోను వైపు

కారులో తీసేస్తే ఫోనులో కూడా పోదు, ఫోనులో తీస్తే కారులో పోదు. రెండు ప్రతులనుకున్నాం కదా. ఒక వైపే తీస్తే, ఫోను పాత తాళంతో తలుపు కొడుతూనే ఉంటుంది, కారు తెరవదు, తెర మీద కలవలేదన్న మాట పదేపదే వస్తుంది. అప్పుడు రెండు వైపులా తీసేసి మొదటినుంచి కలిపితే సరిపోతుంది.

ఆండ్రాయిడ్ ఫోనులో కారు పేరు తెరిస్తే కాల్స్, పాటలు, కాంటాక్టులు వేర్వేరు స్విచ్‌లుగా కనిపిస్తాయి. పాటలు చాలనుకునే వాళ్లు కాంటాక్టుల స్విచ్ ఆపేస్తే ఫోన్‌బుక్ సెట్టుకు పోనే పోదు. అద్దె కారుకో, స్నేహితుడి కారుకో కలిపేటప్పుడు నేను ఎప్పుడూ ఇదే చేస్తాను.

స్టీరింగ్ కింద దాగిన డబ్బీ

సారు జాబితాలో స్కానర్ పేరు చూడగానే నేను స్టీరింగ్ కింద చేయి పెట్టాను. ఇంజిన్ లోపాల కోడ్‌లు చదివే ఓబీడీ సాకెట్‌లో అగ్గిపెట్టెంత డబ్బీ, దాని మీద ఎర్రలైటు వెలుగుతోంది. తాళం తీసి ఉన్నా వెలుగుతోంది. పదహారు పిన్నుల ఆ సాకెట్‌లో పదహారోదానికి బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఉంటుంది. ఇంజిన్ లైటు వెలిగితే కోడ్ ఏమిటో ఫోనులో చూడటానికి ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే బ్లూటూత్ డాంగిల్ అది.

ఇవి చాలావరకు ఈఎల్ఎం 327 అనే చిప్‌కు నకళ్లు. పిన్ ఎక్కువగా 1234, కొన్నింటిలో 0000. పెట్టె మీద అచ్చేసి మరీ ఉంటుంది. ఎప్పుడూ అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. సెట్టులాగా జాబితా తెరవడానికి దీనికి తెర లేదు, పిన్ మార్చే మెనూ చాలావాటికి లేదు. పక్క బండివాడు ఫోనులో ఒక ఉచిత యాప్‌తో కలిసి మీ ఇంజిన్ కోడ్‌లు చదవొచ్చు, చెరిపేయొచ్చు కూడా. చెరిపేస్తే ఏమిటంటారా? ఇంజిన్ లైటు ఆరిపోతుంది, లోపం అలాగే ఉంటుంది, సర్వీసులో మెకానిక్‌కు ఆధారం దొరకదు. సెకండ్‌హ్యాండ్ బండ్లు అమ్మేటప్పుడు కొందరు ఈ పనే కావాలని చేస్తారు, అది వేరే కథ.

ఇక్కడ పిన్ మార్చాలని కుస్తీ పడకండి. పీకేసి డాష్‌బోర్డు డబ్బాలో పెట్టుకోండి, అవసరమైనప్పుడే పెట్టండి. రోజులతరబడి కదలని బండికి బ్యాటరీ కూడా మిగులుతుంది. మీరు కలపబోతే కలవనంటూ, లైటు మాత్రం మినుకుతూ ఉంటే ఇంకెవరో అప్పటికే కలిసి ఉన్నారేమో చూడండి. ఇవి సాధారణంగా ఒకసారికి ఒక్క ఫోనుతోనే మాట్లాడతాయి. రోజూ వాడేవాళ్లు, బటన్ నొక్కితేనే కొత్త ఫోనును జత కలిపే రకం కొనుక్కోండి. ధర ఎక్కువే.

ఛార్జర్ సాకెట్‌లో పెట్టే ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ల సంగతి చిన్నదే. తెరమీద మెనూ ఉండదు, చాలావాటికి కాల్ బటన్ కొన్ని సెకన్లు అదిమి పడితే పాత జతలు పోతాయి. పోకపోతే పీకేయడమే.

మీరు అమ్మేటప్పుడు

ఇదంతా తిరగేసి చేయాలి. ఆండ్రాయిడ్ సెట్టయితే ఒట్టి బ్లూటూత్ తీస్తే చాలదు. యూట్యూబ్ కోసం అందులో పెట్టిన గూగుల్ ఖాతా, మ్యాప్స్‌లో ఇంటి చిరునామా, ఫోను హాట్‌స్పాట్ పాస్‌వర్డ్ అన్నీ అందులోనే ఉంటాయి. ముందు ఖాతా తీసేసి, తర్వాత `Settings` లో `Factory reset` కొట్టండి. దానికి ముందు ఒక పని మరవద్దు. స్టీరింగ్ బటన్ల సెట్టింగు, బండి మోడల్ ఎంచుకున్న పేజీ, రివర్స్ కెమెరా పేజీ, వీటిని ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. రీసెట్ తర్వాత కొన్ని సెట్లలో స్టీరింగ్ మీది వాల్యూమ్ బటన్లు పనిచేయవు. ఆ ఫొటోలు చూసి మళ్లీ పెట్టుకుంటే షాపుకు రావాల్సిన పని ఉండదు. కంపెనీ యాప్‌తో బండి ఎక్కడుందో చూసే కార్లయితే ఆ యాప్‌లోంచి కూడా బండిని తీసేయాలి. అది బ్లూటూత్‌తో సంబంధం లేకుండా ఇంటర్నెట్ మీద నడుస్తుంది కాబట్టి, పైన చెప్పినవేవీ దాన్ని ముట్టవు.

సారు పనంతా ముప్పావుగంటలో అయింది, అందులో సగం ఫోన్‌బుక్ దొరకబుచ్చుకోవడానికే. ఆఖరు పరీక్ష ఆయనే చెప్పాడు. ఆ సాయంత్రం ఆటో ఆన్సర్ మళ్లీ ఆన్ చేసుకుని, భార్యను పక్కన కూర్చోబెట్టుకుని, అమ్మినాయన గేటు ముందు ఐదు నిమిషాలు కారు ఆన్‌లో పెట్టి నిలబడ్డాడట. ఆయన అరుగు మీద ఫోను మాట్లాడుతూనే ఉన్నాడు, సెట్టు మాత్రం కిక్కురుమనలేదు. "ఆటో ఆన్సర్ మళ్ల బంద్ జేసినవా సారూ?" అనడిగితే, "ఇంటికి పోంగనే చేసిన తమ్మీ" అన్నాడు.